ఏఱు, ఏఁడు, ఏటి: లుప్తమైన లిపిభేదాలు, సమోచ్చారణ పదాల పరిశీలన

ఉపోద్ఘాతం

ఒకే విధంగా పలికే రెండు పదాలను సమోచ్చారణ పదాలు అంటారు. తెలుగులో ఇటువంటి జంటలలో చాలా వరకు భాషాచరిత్ర మిగిల్చినవే. ఒకనాడు భిన్నంగా పలికిన ధ్వనులు కాలక్రమంలో ఏకమయ్యాయి. ఆ భేదాన్ని లిపి కొంతకాలం నిలిపి, తరువాత విడిచిపెట్టింది. ప్రాచీన పద్యాలను ఉదాహరిస్తూ ఆధునిక వచనంలో సాగే సిద్ధాంత గ్రంథాన్ని సరిచూసేవారికి ఈ చరిత్ర నేరుగా అవసరమవుతుంది.

శకటరేఫ, అర్ధబిందువు

ర, ఱ అనే రెండు రేఫలు పూర్వం వేర్వేరు ధ్వనులు. ప్రాచీన కవులు ప్రాసస్థానంలో వీటిని కలపకపోవడమే అందుకు సాక్ష్యం. ఉచ్చారణలో భేదం పోయిన తరువాత ఏ పదంలో ఏ రేఫ ఉండాలో లాక్షణికులు ప్రత్యేకంగా చెప్పవలసివచ్చింది. చెవికి వినిపించని భేదాన్ని కంటితో గుర్తుంచుకోవలసిన స్థితి అది. వేరు అంటే చెట్టు మూలం, వేఱు అంటే భిన్నం. ఏరు అంటే నాగలి, ఏఱు అంటే నది. ‘ఏరువాక’లో ఉన్నది నాగలే గాని నది కాదు.

అర్ధబిందువు చరిత్ర కూడా ఇటువంటిదే. ఏఁడు అంటే సంవత్సరం, ఏడు అంటే సంఖ్య. నాఁడు అంటే ఆ కాలంలో, నాడు అంటే దేశం. వీఁడు అంటే ఈ మనిషి, వీడు అంటే పట్టణం, లేదా విడిచిపెట్టడం. అరసున్న ఉన్నచోట పూర్వం అనునాసికం ఉండేది. ‘ఏఁడు’కు తమిళంలో ‘ఆణ్డు’, ‘మూఁడు’కు ‘మూన్ఱు’ ఉండటం దీనిని బలపరుస్తుంది. ‘ఏండ్లు’ అనే బహువచనంలో ఆ అనునాసికం నేటికీ నిండుసున్నగా నిలిచి ఉంది.

1885లో వెలువడిన శబ్దరత్నాకరము వంటి నిఘంటువులు ఈ భేదాలను పాటించాయి. 20వ శతాబ్దిలో వ్యావహారిక రచన స్థిరపడిన కొద్దీ ఈ రెండు చిహ్నాలూ సాధారణ ముద్రణ నుంచి తొలగిపోయాయి. దానితో సమోచ్చారణ పదాలు సమలిపి పదాలు కూడా అయ్యాయి.

జంటలను వెలికితీసే పద్ధతి

సుదీర్ఘ పత్రంలో ఈ జంటలను కంటితో వెదకడం నమ్మదగినది కాదు. పత్రంలోని పదాలన్నింటినీ పట్టికగా తీసి, ప్రతి పదానికీ రెండు చిహ్నాలూ లేని రూపాన్ని పక్కన చేర్చాలి.

```
key = word.replace("ఁ", "").replace("ఱ", "ర")
```

ఒకే key కింద రెండు రూపాలు చేరితే అక్కడ ఆగి చూడాలి. ‘వేరు’ కింద వేరు, వేఱు రెండూ కనిపించినప్పుడు అవి రెండు భిన్న పదాలు కావచ్చు. లేదా ఒకే పదాన్ని ఉదాహరణలో పాతవిధంగా, వచనంలో కొత్తవిధంగా రాసి ఉండవచ్చు. రెండవది దోషం కాదు. అయితే ఒకే పద్యం రెండు చోట్ల రెండు విధాలుగా ఉంటే మూలప్రతిని తప్పక చూడాలి.

ఆధునిక వచనంలో రెండు పదాలూ ముందే ఒకే రూపం పొందాయి కనుక ఈ పద్ధతి అక్కడ పనిచేయదు. అక్కడ అనుమానిత పదాల జాబితాను ముందుగా సిద్ధం చేసుకొని, ప్రతి ప్రయోగాన్నీ దాని వాక్యంతో సహా చదవాలి.

‘ఏటి’ ఉదాహరణ

ప్రథమావిభక్తి రూపాలను మాత్రమే జాబితాలో చేరిస్తే కొన్ని జంటలు తప్పించుకుంటాయి. ‘ఏరు’, ‘ఏడు’ వినడానికి వేరు పదాలే. కాని విభక్తి చేరే ముందు నదికి ‘ఏటి’, సంవత్సరానికి ‘ఏఁటి’ అనే రూపాలు వస్తాయి. అరసున్న పోగానే రెండూ ఒకటే. సేద్యాన్ని గురించిన గ్రంథంలో ‘ఏటి పంట’ అని ఉంటే, అది ఏటి ఒడ్డున పండినదా, ఒక సంవత్సరపు దిగుబడా అన్నది ఆ మాటను బట్టి తేలదు. పక్కన ‘ఈ’, ‘గత’ వంటి విశేషణం ఉంటే సంవత్సరం. ఇసుక, గట్టు, నీరు ప్రస్తావనలో ఉంటే నది. ఏ ఆధారమూ లేనప్పుడు తానే నిర్ణయించక రచయితను అడగడం పరిష్కర్త విధి. పదసూచికలో ‘ఏరు’ కింద నది, నాగలి పుటసంఖ్యలు కలిసిపోతే రెండు ఆరోపాలుగా విడదీసి, అర్థాన్ని పక్కన సూచించాలి.

పద్యాలలో మరొక జాగ్రత్త అవసరం. పాత ప్రతులను యంత్రంతో చదివించినప్పుడు అరసున్న నిండుసున్నగా మారవచ్చు. ‘వాండు’ వంటి రూపం వెంటనే అనుమానం కలిగిస్తుంది. కాని ‘కలఁడు’, ‘కలండు’ రెండూ సాధువులే. అక్కడ ఛందస్సే నిర్ణాయకం. మొదటిది మూడు లఘువులు, రెండవదానిలో నడిమి అక్షరం గురువు.

ముగింపు

పాత లిపిని పునరుద్ధరించినంత మాత్రాన భేదాలన్నీ తేలవు. వంద అనే నూఱు, మెత్తగా నూఱు రెండింటిలోనూ శకటరేఫే ఉంది. సంఖ్య అయిన ఆఱు, చల్లారడమనే ఆఱు కూడా అటువంటివే. లిపి కొన్ని జంటలను విడదీస్తుంది. మిగిలినవాటిని విడదీయగలది వాక్యమే. అందువల్ల పరిష్కర్త ఉదాహరణలలో ఱ, అరసున్నలను మూలప్రతిలో ఉన్నట్లే నిలపాలి. వచనంలో వాటిని కొత్తగా చేర్చక, అర్థసందేహం ఉన్నచోట ‘నది’, ‘సంవత్సరం’ వంటి పర్యాయపదాన్ని రచయితకు సూచించాలి.