పీఎస్5 నుంచి టీవీకి 4కె 120 రావాలంటే ఏ కేబుల్, ఏ పోర్టు?

జెద్దా నుంచి సెలవుకి వచ్చిన మామూ గుంటూరులోని మేనల్లుడికి ప్లేస్టేషన్ 5 తెచ్చిచ్చారు. ఇంట్లో టీవీ కూడా కొత్తదే. డబ్బా మీద ‘4కె, 120 హెర్ట్జ్’ అని పెద్దక్షరాలతో రాసుంది. పిల్లవాడు కనెక్ట్ చేసి ఆట పెడితే టీవీ 60 దగ్గరే ఆగిపోయింది. దుకాణంలో అడిగితే, ‘2.1 కేబుల్ కొనండి, సరిపోతుంది’ అన్నారు. నిజానికి ఆ కేబుల్ పీఎస్5 డబ్బాలోనే ఉంది. లోపం వేరేచోట ఉంది, అదీ ఒకటి కాదు, మూడు. ఈ ఇంటి కథ చాలా ఇళ్లకు పనికొస్తుంది కాబట్టి వరుసగా చూద్దాం.

60కీ 120కీ తేడా ఎక్కడ?

4కె తెర మీద అడ్డంగా 3840, నిలువుగా 2160 చుక్కలుంటాయి. మొత్తం దాదాపు 83 లక్షలు. 60 హెర్ట్జ్ అంటే ఈ 83 లక్షల చుక్కల బొమ్మను కన్సోల్ సెకనుకు 60 సార్లు పంపుతుంది. హెచ్‌డీఎంఐ 2.0 పోర్టు సెకనుకు గరిష్ఠంగా 18 గిగాబిట్లు మోస్తుంది. మామూలు రంగులతో 4కె 60 పంపేసరికే ఆ దారి దాదాపు నిండిపోతుంది. 120 అంటే బరువు రెట్టింపు, అది ఆ దారిలో పట్టదు. అందుకే 2017లో వచ్చిన హెచ్‌డీఎంఐ 2.1లో దారిని 48 గిగాబిట్ల వరకు వెడల్పు చేశారు. పీఎస్5 అందులో 32 వరకు, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ 40 వరకు వాడుకుంటాయి. 4కె 120కి ఈ రెండూ చాలు.

కేబుల్‌కి నంబరు కాదు, పేరు చూడాలి

2.0, 2.1 అనే నంబర్లు యంత్రాల్లోని పోర్టులకు సంబంధించినవి. కేబుళ్లకు అధికారికంగా ఉండేవి పేర్లు మాత్రమే. హైస్పీడ్ కేబుల్ పాత తరంది. ప్రీమియం హైస్పీడ్ 18 గిగాబిట్లకు పరీక్షించినది, అంటే 4కె 60కి నమ్మకమైనది. అల్ట్రా హైస్పీడ్ 48 గిగాబిట్లకు పరీక్షించినది, 4కె 120కి కావాల్సింది ఇదే. కొనేటప్పుడు ప్యాకెట్ మీద ‘2.1’, ‘8కె’ అని ఉందా అని కాకుండా, అల్ట్రా హైస్పీడ్ అనే సర్టిఫికేషన్ లేబుల్, దాని మీద క్యూఆర్ కోడ్ ఉన్నాయా అని చూడండి. ఆ కోడ్‌ని హెచ్‌డీఎంఐ వాళ్ల యాప్‌తో స్కాన్ చేస్తే కేబుల్ అసలుదో కాదో తెలుస్తుంది.

ఇంకో మాట. కేబుల్ ఖరీదైనంత మాత్రాన రంగులు మెరుగవ్వవు. సిగ్నల్ చేరితే పూర్తిగా చేరుతుంది, చేరకపోతే తెర నల్లబడుతుంది లేదా తెల్లచుక్కలు మెరుస్తాయి. పీఎస్5తో, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌తో డబ్బాలో వచ్చేది అల్ట్రా హైస్పీడ్ కేబులే. దాన్ని పక్కన పడేసి పాతది వాడకండి.

మొదటి లోపం: పోర్టు

గుంటూరు ఇంట్లో కన్సోల్‌ను టీవీ పక్కనున్న మొదటి పోర్టులో పెట్టారు. టీవీ వెనక నాలుగు పోర్టులున్నాయి, కానీ 4కె 120 తీసుకునేవి రెండే. చాలా టీవీల్లో ఇంతే. వాటి పక్కన ‘4కె 120 హెర్ట్జ్’ అని చిన్నక్షరాలతో రాసి ఉంటుంది. వీళ్ల టీవీలో అవి 3, 4 నంబర్లవి. ఆ రెండింట్లో 3వది ఈఆర్క్ పోర్టు కూడా, అంటే సౌండ్‌బార్ కోసం ఉంచినది. అక్కడ అప్పటికే సౌండ్‌బార్ ఉంది. కాబట్టి కన్సోల్‌కి మిగిలింది 4వ పోర్టు ఒక్కటే.

కన్సోల్‌ని సౌండ్‌బార్‌లో పెట్టి అక్కడి నుంచి టీవీకి లాగుదాం అనుకోవద్దు. చాలా సౌండ్‌బార్లు 4కె 60 వరకే దాటనిస్తాయి. కన్సోల్ నేరుగా టీవీకి, సౌండ్‌బార్ ఈఆర్క్ పోర్టుకి. ఇదే సరైన పద్ధతి.

రెండో లోపం: టీవీ సెట్టింగ్

4వ పోర్టుకి మార్చాక కూడా 60యే వచ్చింది. ఎందుకంటే పాత పరికరాలతో ఇబ్బంది రాకుండా కొన్ని టీవీల్లో ఒక్కో పోర్టునూ తక్కువ వేగంలో ఉంచి అమ్ముతారు. దాన్ని మనమే తెరవాలి. సోనీ టీవీల్లో ఇది Enhanced format, శాంసంగ్‌లో Input Signal Plus, ఎల్‌జీలో HDMI Deep Colour అనే పేర్లతో ఉంటుంది. కన్సోల్ పెట్టిన పోర్టుకే దాన్ని ఆన్ చేయాలి.

తర్వాత పీఎస్5లో ఈ దారిలో వెళ్లండి:

```
Settings > Screen and Video > Video Output
Enable 120 Hz Output : Automatic
```

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. పీఎస్5 మెనూలో ఉన్నప్పుడు 60లోనే ఉంటుంది. 120 నడిపే ఆట మొదలైనప్పుడే 120కి మారుతుంది. ఫోర్ట్‌నైట్ లాంటి ఆటల్లో 120 మోడ్‌ను ఆట సెట్టింగుల్లో విడిగా ఆన్ చేయాలి. అలా చేసి, ఆట నడుస్తుండగా టీవీ రిమోట్‌లో సమాచారం చూపే బటన్ నొక్కి చూడండి. గుంటూరులో ఈసారి 120 కనిపించింది.

మూడో లోపం: గోడలోని వైరు

ఇదంతా డబ్బా కేబుల్‌తో, కన్సోల్‌ని టీవీ దగ్గరికి జరిపి చేసిన పరీక్ష. కన్సోల్‌ని మళ్లీ షోకేసులో పెట్టి, ఇల్లు కట్టినప్పుడు గోడలోంచి వేయించిన పాత కేబుల్‌కి తగిలించగానే తెర రెండు సెకన్లు నల్లబడి మళ్లీ రావడం మొదలైంది. 60కి తగ్గిస్తే ఏ ఇబ్బందీ లేదు. కేబుల్ సరిపోవడం లేదనడానికి ఇదే గుర్తు. ఎక్కువ వేగంలో తెగుతుంది, తక్కువలో బాగుంటుంది.

మామూలు రాగి కేబుల్‌తో ఈ వేగానికి పొడవు ఎంత తక్కువుంటే అంత మంచిది. రెండు, మూడు మీటర్లలోపు అయితే నిశ్చింత. అంతకన్నా చాలా దూరమైతే ఫైబర్‌తో చేసిన ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుల్ కావాలి. దానికి దిశ ఉంటుంది. ‘సోర్స్’ అని రాసిన కొస కన్సోల్‌కి, ‘డిస్‌ప్లే’ అని ఉన్నది టీవీకి పెట్టాలి. తిప్పి పెడితే బొమ్మే రాదు. గోడలో పైపు ఉంటే పాతది లాగి కొత్తది వేయొచ్చు. పైపు లేకుండా ప్లాస్టరింగులో పూడ్చేసి ఉంటే గోడ పగలగొట్టాల్సిందే. ఈ కుటుంబం షోకేసునే టీవీ కిందికి జరిపింది. ఖర్చు సున్నా.

కేబుల్ కొనకముందే ఇది చూడండి

టీవీ ప్యానెలే 60 హెర్ట్జ్‌దైతే ఏ కేబులూ దాన్ని 120 చేయలేదు. డబ్బా మీద ‘మోషన్ రేట్ 120’ లాంటి మాటలుంటే మోసపోకండి. అది టీవీ తనంతట తాను బొమ్మల్ని నున్నగా చూపే ఏర్పాటు. పోర్టు మీద ‘హెచ్‌డీఎంఐ 2.1’ అన్న రాత కూడా ఒక్కటే చాలదు, ఎందుకంటే 2.1లోని చాలా సౌకర్యాలు కంపెనీ ఇష్టం. స్పెసిఫికేషన్ పట్టికలో ‘4కె 120 హెర్ట్జ్ ఇన్‌పుట్’ అని స్పష్టంగా ఉండాలి.

టీవీ 120 ప్యానెల్‌దే అయినా పోర్టులు 2.0వే ఉంటే నిరాశ అక్కర్లేదు. టీవీ ఒప్పుకుంటే 1080పి లేదా 1440పిలో 120 ఆ దారిలోనే పడుతుంది. బొమ్మ కొంచెం తక్కువ స్పష్టంగా, ఆట మాత్రం అంతే చురుగ్గా ఉంటుంది.