సీట్లు పెంచడం నిమిషం పని, తగ్గించడానికి ఏడాది ఆగాలి: ఈ రూల్ ఎప్పుడొచ్చింది?

ప్రొద్దుటూరులో ఒక అకౌంట్స్ ఆఫీసు ఉందనుకుందాం. జూన్ 10న మైక్రోసాఫ్ట్ 365 ఏడాదికి 20 సీట్లు తీసుకున్నారు. సీటు అంటే ఒక మనిషి వాడుకునే లైసెన్స్. లెక్క సులువుగా ఉండటానికి సీటుకి నెలకి 1000 రూపాయలు అనుకోండి. అక్టోబర్ 10కి నలుగురు మానేశారు. ఓనర్ అడ్మిన్ పేజీలోకి పోయి వాళ్ల పేర్లు తీసేశాడు. బిల్లు మాత్రం 20 సీట్లకే వచ్చింది!

పేరు తీస్తే సీటు ఖాళీ అవుతుంది అంతే, కొన్న సీటు పోదు. మిగిలిన 8 నెలలకి ఆ నాలుగు ఖాళీ సీట్ల ఖర్చు 32,000.

ఇది మొదటినుంచీ ఇట్లా లేదు. పాత కాలం పద్ధతి పెద్ద కంపెనీలది, పేరు ఎంటర్‌ప్రైజ్ అగ్రిమెంట్. మూడేళ్ల ఒప్పందం. మధ్యలో మనుషులు పెరిగితే ముందు వాడుకోవచ్చు, ఏడాది తిరిగే తేదీకి 60 నుంచి 30 రోజుల ముందు లెక్క చెప్పి ఆర్డర్ ఇవ్వాలి. దాన్నే ట్రూ-అప్ అంటారు. ఎవరూ పెరగకపోయినా ‘పెరగలేదు’ అని రాసివ్వాలి. ఆన్‌లైన్ సీట్లు తగ్గించాలన్నా ఆ వార్షిక తేదీ దగ్గరే.

చిన్న ఆఫీసులు డీలర్ దగ్గర కొనేవి. అక్కడ ఏడాది ప్లాన్‌లో కూడా మధ్యలో సీట్లు తగ్గించుకోనిచ్చేవాళ్లు. నిజం చెప్పాలంటే అది మనకి మరీ మంచి బేరం. 2022 జనవరిలో కొత్త పద్ధతి వచ్చి ఆ తలుపు మూసేసింది. కొన్నాక తగ్గించుకోడానికి మొదట 72 గంటలే ఇచ్చారు, తర్వాత 7 రోజులు చేశారు. అది దాటితే రెన్యూవల్ దాకా అంతే. ఏ నెలకా నెల ఆపుకునే నెలవారీ ప్లాన్ ఉంది, కానీ ధర 20 శాతం ఎక్కువ.

మళ్లీ మన ఆఫీసుకి వద్దాం. నవంబర్‌లో జమ్మలమడుగు బ్రాంచికి ఇద్దరు చేరారు. ఇక్కడ చాలామంది కొత్తగా రెండు సీట్లు కొనేస్తారు. వద్దు బాసూ, ఖాళీగా ఉన్నవే వాళ్లకి ఇవ్వండి. కొత్తవి కొన్నా వాటి గడువు కూడా అదే జూన్ 10కి ముగుస్తుంది. వాటిని తగ్గించాలన్నా కొన్న రోజునుంచి 7 రోజులే.

పులివెందులలో నాలుగు నెలల పనికి నలుగురిని పెట్టుకున్నారనుకోండి, వాళ్లకి నెలవారీ ప్లాన్ నయం. నాలుగు సీట్లు, 1200 చొప్పున, నాలుగు నెలలకి 19,200. అదే ఏడాది ప్లాన్‌లో తీసుకుంటే 48,000. అందుకే పర్మనెంట్ వాళ్లకి ఏడాది ప్లాన్, వచ్చిపోయేవాళ్లకి నెలవారీ, రెండూ పక్కపక్కనే పెట్టుకోవచ్చు.

ఇంక అసలు ప్రమాదం జూన్ 10న ఉంది. ఆటో రెన్యూవల్ ఆన్‌లో ఉంటే 20 సీట్లతోనే ఇంకో ఏడాది మొదలైపోతుంది. డీలర్ దగ్గర కొన్నవాళ్లు మే నెలలోనే ‘రెన్యూవల్‌కి 18 సీట్లు చాలు’ అని మెయిల్ పెట్టి, మార్పు షెడ్యూల్ అయిందని జవాబు తెప్పించుకోండి. మర్చిపోతే జూన్ 10 తర్వాత ఇంకో 7 రోజులు టైం ఉంటుంది. ఆ తేదీ ఫోన్ క్యాలెండర్‌లో ఇప్పుడే వేసుకోండి.