నిబంధనలతో కూడిన ప్రస్తారాలు, సంయోగాలు

వస్తువులను వరుసలో అమర్చే పద్ధతులను ప్రస్తారాలనీ, వరుసతో పనిలేకుండా ఎంచుకునే పద్ధతులను సంయోగాలనీ అంటారు. వీటికి ఏదైనా నిబంధన తోడైనప్పుడు ఎన్ని పద్ధతులు మిగులుతాయో లెక్కించే సమస్యలు అమెరికాలోని జీఆర్ఈ వంటి ప్రవేశ పరీక్షల గణిత విభాగంలో భాగం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి ఆ పరీక్ష రాసేవారిలో ఇంటర్మీడియట్‌లో గణితం చదివినవారికి ఈ అధ్యాయం పాతదే.

ఇటువంటి నిబంధనల్లో పరిశోధకుల దృష్టిని ఆకర్షించినవాటిలో ఒకటి 'ఏ రెండూ పక్కపక్కన ఉండరాదు' అన్నది. గుండ్రటి బల్ల చుట్టూ స్త్రీపురుషులు ఒకరి తరువాత ఒకరుగా, ఏ దంపతులూ పక్కపక్కన పడకుండా ఎన్ని విధాల కూర్చోగలరన్న ప్రశ్నను ఫ్రెంచి గణితజ్ఞుడు ఎడ్వార్డ్ లూకాస్ 1891లో ప్రచురించగా, 1934లో జాక్ తూషార్ నిరూపణ లేకుండా దానికి సూత్రం ఇచ్చాడు. 1938లో జరిగిన తొలి పట్నం గణిత పోటీ విజేతల్లో ఒకడై, ఆ గౌరవంతో హార్వర్డ్‌లో చదివిన ఇర్వింగ్ కప్లాన్‌స్కీ 1943లో అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో దాన్ని నిరూపించాడు. ఆ నిరూపణకు ఆధారమైన చిన్న ఫలితమే నేటి విద్యార్థికి ఎక్కువగా ఉపయోగపడుతుంది: వరుసలోని n స్థానాల నుంచి ఏ రెండూ పక్కపక్కన లేకుండా k స్థానాలను C(n−k+1, k) విధాల ఎంచుకోవచ్చు.

దీని వెనుక ఉన్న ఆలోచన సరళమైనది. ఇంగ్లీషులో రాసిన మిసిసిపీ నది పేరులో ఎం ఒకటి, ఐలు నాలుగు, ఎస్‌లు నాలుగు, పీలు రెండు, మొత్తం 11 అక్షరాలు ఉన్నాయి. ఏ రెండు ఎస్‌లూ కలవకూడదంటే ముందుగా మిగిలిన ఏడింటిని 7!/(4!2!), అంటే 105 విధాల అమర్చాలి, అప్పుడు వాటి మధ్య, రెండు చివరలతో కలిపి, 8 ఖాళీలు ఏర్పడతాయి కాబట్టి వాటిలో నాలుగింటిని 70 విధాల ఎంచుకుని ఎస్‌లను నింపితే జవాబు 7,350 వస్తుంది. ఆ 70 కప్లాన్‌స్కీ సూత్రంలో n=11, k=4 వేస్తే వచ్చేదే. స్థానాలు వలయంలో ఉంటే మొదటిదీ చివరిదీ కూడా పొరుగువే అవుతాయి కనుక, ఆ రెండూ ఉన్న 15 ఎంపికలు తొలగి 55 మాత్రమే మిగులుతాయి.

ఇక్కడ సాధారణంగా జరిగే పొరపాటు, మొత్తం 34,650 అమరికల నుంచి నాలుగు ఎస్‌లూ ఒకే గుంపుగా ఉన్న 840ని తీసివేసి 33,810 అని రాయడం. రెండో మూడో ఎస్‌లు మాత్రమే కలిసిన అమరికలు అందులో మిగిలిపోతాయి. 'అన్నీ కలిసి ఉండరాదు' అన్నది 'ఏ రెండూ కలవరాదు' అన్నదానికంటే చాలా సడలిన నిబంధన.

కమిటీల ప్రశ్నల్లో తప్పు వేరే విధంగా వస్తుంది. ఐదుగురు స్త్రీలు, నలుగురు పురుషుల నుంచి కనీసం ఒక స్త్రీ ఉండేలా ముగ్గురి కమిటీని వేయాలంటే, ముందు ఒక స్త్రీని 5 విధాల, మిగిలిన ఎనిమిది మందిలో ఇద్దరిని 28 విధాల ఎంచుకుని 140 అనడం సహజంగా తోస్తుంది. అయితే ఇద్దరు స్త్రీలున్న 40 కమిటీలు రెండేసిసార్లు, ముగ్గురూ స్త్రీలైన 10 కమిటీలు మూడేసిసార్లు లెక్కకు వచ్చాయి. ఏ నిబంధనా లేకపోయినా కమిటీలు 84కు మించవు కాబట్టి 140 తప్పని వెంటనే పట్టుకోవచ్చు. పురుషులు మాత్రమే ఉన్న 4 కమిటీలను 84 నుంచి తీసివేస్తే సరైన జవాబు 80 వస్తుంది.