అర సోల

అంబాజీపేట దగ్గరి ఆ ఊళ్లో, ఆ ఇంట్లో వంట సోలతో మొదలవుతుంది. పొద్దున్నే అత్తగారు బియ్యం డబ్బా మూత తీసి, ఇత్తడి సోలతో నాలుగుసార్లు కొలిచి చేటలో పోస్తుంది. నాలుగు సోలలంటే మానికెడు. పూటకు అంతే. మావగారు, అత్తగారు, మంచం మీదున్న మామ్మగారు, పెద్దబావ, తోటికోడలు, వాళ్ల పిల్లలిద్దరు, మరిది, డిగ్రీ చదివే ఆడపడుచు, కొత్తకోడలి భర్త. పదిమందికి ఆ కొలత సరిగ్గా సరిపోతుంది.

మాఘమాసంలో పదకొండో మనిషిగా ఆ కొత్తకోడలు వచ్చింది. సోలలు మాత్రం నాలుగే.

ఈ సంగతి ఆమె నాకు చెప్పేటప్పుడు ఎవరి మీదా కోపంగా లేదు. పేర్లు రాయవద్దంది, రాయడం లేదు. ఆ ఇంట్లో అందరికీ ఆమె చిన్నకోడలు. అత్తగారు చెడ్డమనిషి కాదని మూడుసార్లు చెప్పింది. తన పట్టుచీర తీసి కట్టించింది, మొదటి వారం జడ కూడా తనే వేసింది. "కూర్చోబెట్టి మేపే ఇల్లు కాదు, మాడ్చే ఇల్లూ కాదు," అంది.

మధ్యాహ్నం మొదటి పంక్తి మగవాళ్లది, పిల్లలది. కొత్తకోడలు వడ్డించడం ఆనవాయితీ. బావగారికి పప్పు మళ్లీ కావాలి, మరిదికి వేపుడు మళ్లీ కావాలి. మామ్మగారికి మెత్తగా కలిపి గదిలోకి పంపాలి. కాలేజీ నుంచి వచ్చే ఆడపడుచుకు వేరుగా తీసి ఉంచాలి. ఆ తర్వాత అత్తగారు, తోటికోడలు కూర్చుంటారు. వాళ్లకూ వడ్డించి చివర తను. అప్పటికి గిన్నె అడుగున గరిటెడు మాడు, ఒక మూల కాస్త పులుసు. ఆవకాయ కలుపుకుని, మజ్జిగ పోసుకుని లేచేది. చేపల పులుసు వండిన రోజు ముక్కలన్నీ పై పంక్తుల్లోనే అయిపోయేవి.

రాత్రి అమ్మ ఫోన్ చేసి "తిన్నావా?" అంటే "తిన్నానమ్మా" అనేది. అబద్ధమూ కాదు.

చైత్రం వెళ్లేసరికి తడిబట్టల బకెట్టు పట్టుకుని మేడ మెట్లెక్కితే ఆయాసం. ముగ్గు వేసి లేస్తే కళ్ల ముందు చీకట్లు. వాటికి ఆమె ఎండని సాకు చెప్పుకుంది. కానీ ఒకటి మాత్రం ఎవరికీ చెప్పలేదు. చేటలో బియ్యం ఏరుతూ గుప్పెడు నోట్లో వేసుకునేది. మొదట నాలుగు గింజలు, తర్వాత కొంగున కట్టుకుని మధ్యాహ్నం పడుకునే ముందు. నమిలితే వచ్చే ఆ పిండి రుచి కోసం మనసు లాగేదట. ఓసారి తోటికోడలు చూసి నవ్వింది. "బియ్యం తింటే పెళ్లిలో వాన పడుతుందంటారు. నీ పెళ్లి అయిపోయిందిగా, తినవే."

ఆషాఢం వచ్చింది. అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదని పుట్టింటికి పంపారు. అక్కడా చేయి డబ్బాలోకే వెళ్లింది. వాళ్లమ్మ చూసి తిట్టలేదు, నేరుగా ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లింది. నాకు ఈ కథలో ఆ అమ్మ మీదే ఎక్కువ గౌరవం. పచ్చిబియ్యం, మట్టి, సుద్దముక్క, ఐసు ఇలాంటివి తినాలని ఆగకుండా అనిపించడం చాలాసార్లు ఒంట్లో ఇనుము తగ్గిందనడానికి గుర్తు. మన ఇళ్లలో దాన్ని పాడు అలవాటంటారు.

నర్సమ్మ కింది కనురెప్ప లాగి చూసింది. లోపల ఎర్రగా ఉండాల్సింది పాలిపోయి ఉంది. వేలు గుచ్చి చూస్తే హిమోగ్లోబిన్ 8.6. గర్భం లేని ఆడమనిషికి కనీసం 12 ఉండాలి. 8 కన్నా దిగితే తీవ్రమైనదంటారు. ఈమె ఆ అంచుకు దగ్గర్లో ఉంది.

డాక్టరమ్మ అడిగిన ప్రశ్నలు ఆమెకు ఇప్పటికీ గుర్తే. నెలసరి ఎన్ని రోజులు, ఎంత పోతుంది? నులిపురుగుల మాత్ర ఎప్పుడు వేసుకున్నావు? తిన్న వెంటనే టీ తాగుతావా? చివరగా "కూర ఎంత తింటావు?" ఆమె దగ్గర జవాబు లేదు. అన్నం ఎంతో చెప్పగలదు, కూర సంగతి ఆ రోజు ఏం మిగిలిందన్న దాన్ని బట్టి.

వాళ్లమ్మ "నాలుగు నెలల్లో నా పిల్లను ఇలా చేశారు" అని మొదలుపెట్టబోతే డాక్టరమ్మ ఆపింది. ఈ లోటు నాలుగు నెలల్లో వచ్చేది కాదు. నెలసరిలో ఎక్కువ పోవడం, పెళ్లికి ముందు హాస్టల్ తిండి, ఇలా ఏళ్ల తరబడి నిల్వ తరుగుతూ వచ్చింది. అత్తారింట్లో అది బయటపడింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అంటే ఆ ఇంట్లో ఈమె ఒక్కతే అనుకోవడానికి లేదు.

మూడు నెలలకు ఇనుము మాత్రలు ఇచ్చారు. భోజనం అయ్యాక వేసుకోవాలి. టీకి, మాత్రకు మధ్య గంటైనా ఎడం ఉండాలి. నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా ఒంటపడుతుంది. విరేచనం నల్లగా వస్తుంది, భయపడి మానేయకూడదు. బియ్యంలో ఇనుము తక్కువ కాబట్టి పప్పు, ఆకుకూర, చేప కంచంలో పడాలి. ఆకుకూరలోని ఇనుము కన్నా చేపలోది ఒంటికి సులువుగా పడుతుంది.

శ్రావణంలో ఆ చీటీ పట్టుకుని తిరిగొచ్చింది. భర్త చదివి తలదించుకుని "అమ్మకు చెప్తాను" అన్నాడు. ఆమె వద్దంది. తనే చెప్పింది. వంటింట్లో, చింతపండు పిసుకుతున్న అత్తగారితో.

అత్తగారి చేతులు ఆగిపోయాయి. "మా ఇంట్లో తిండి పెట్టడం లేదని చీటీ రాయించుకొచ్చావా?"

ఏం చెప్పాలో తెలియక ఆమె చీటీ మడిచింది. అప్పుడు తోటికోడలు పొయ్యి దగ్గర్నుంచి, వెనక్కి తిరగకుండానే, "అత్తయ్యా, సోలలు నాలుగే పోస్తున్నాం," అంది. కాసేపు ఆగి, "నేనొచ్చినప్పుడూ నాలుగే," అంది.

అత్తగారు ఆ పూట ఎవరితో మాట్లాడలేదు. అన్నం కూడా సరిగా తినలేదు. రాత్రి చిన్నకోడలు మంచినీళ్ల చెంబు పెట్టడానికి వెళితే, చీకట్లోనే అడిగింది. "బియ్యం తింటున్నావా?"

"ఊఁ."

"నేను మట్టి తినేదాన్ని. ఈ గోడదే, వాన పడితే వాసన వచ్చేది. మా అత్తగారు చూసి వాత పెట్టింది."

మర్నాడు డబ్బా మూత తీసి నాలుగు సోలలు పోసింది. చేతివేళ్ల మీద ఇంటివాళ్లను లెక్కపెట్టుకుంది. మామ్మగారి దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కరినీ, చివర తనను, తోటికోడలిని, చిన్నకోడలిని. మళ్లీ సోల ముంచి సగం వరకు నింపి పోసింది. కూర దించగానే ఒక స్టీలు గిన్నెలోకి ముగ్గురికి తీసి మూతపెట్టి పై అరలో ఉంచింది. మరిది "ఇంకొంచెం వేపుడు" అంటే, "అయిపోయింది నాయనా," అంది.

పంక్తి క్రమం మారలేదు. ఇప్పటికీ మగవాళ్లే ముందు. మొదటి రెండు వారాలు మాత్రలతో వికారం వచ్చింది. రాత్రి పడుకునే ముందుకు మార్చుకుంటే తగ్గింది. నెల తర్వాత పరీక్షలో 9.8. బియ్యం మీద యావ అంతకు ముందే, ఎప్పుడు పోయిందో తెలియకుండా పోయింది.

అర సోల ఎక్కువ పోసిన ఆ మొదటి రోజు రాత్రి భోజనాలయ్యాక గిన్నెలో ఇంకా అన్నం ఉంది. ముగ్గురూ దాన్ని చూస్తూ కాసేపు నిలబడ్డారు. అత్తగారు నీళ్లు పోసి మూత పెట్టింది. పొద్దున్నే మగవాళ్లు లేవకముందు, ఇంటి వెనక అరుగు మీద కూర్చుని, ఉల్లిపాయ కొరుక్కుంటూ, ముగ్గురూ ఆ చద్దన్నం తిన్నారు.