ఆ ఆకుపచ్చ చొక్కా లింక్ ఏ గేమ్‌లోవాడు?

తమ్ముడు ఫోన్ నా ముందుకు జరుపుతాడు. "అక్కా, ఇది ట్విలైట్ ప్రిన్సెస్‌లో లింకే కదా?"

తెర మీద ఆకుపచ్చ చొక్కా, పొడుగు టోపీ, చొక్కా అంచు కింద ఇనుప గొలుసుల కవచం. వేషం 2006 నాటి ఆ గేమ్‌దే, అనుమానం లేదు. కానీ వేషం చివర చూడాల్సింది. ముందు చేతులు చూడమంటాను.

వాడు వేళ్లతో బొమ్మను పెద్దది చేస్తాడు. కత్తి కుడి చేతిలో ఉంది. "లింక్‌ది ఎడమచేతి వాటం. అయితే ఇది ట్విలైట్ కాదు!"

తొందరపడకూడదు. గేమ్‌క్యూబ్‌లో వచ్చిన ట్విలైట్ ప్రిన్సెస్‌లో ఎడమచేతి వాటమే. వీలో ఆడేవాళ్లలో ఎక్కువమంది రిమోట్‌ను కుడి చేత్తో పట్టుకుంటారని, మొత్తం ప్రపంచాన్నే అద్దంలో చూసినట్టు తిప్పేశారు. దాంతో కత్తి కుడి చేతికి వచ్చింది. పైగా బొమ్మను ఎవరైనా తిప్పి పంపి ఉండొచ్చు. కాబట్టి ఒక్క కత్తిని చూసి తేల్చలేం.

ముఖం దగ్గరికి వెళ్తాం. ట్విలైట్ లింక్‌ది సన్నని, కాస్త పొడవైన ముఖం, నిజం మనిషి ఛాయ. ఇక్కడ బుగ్గలు గుండ్రంగా, నీడలు కార్టూన్‌లోలాగా చదునుగా ఉన్నాయి. అంటే బ్రెత్ ఆఫ్ ద వైల్డ్ అయినా కావాలి, దాని తర్వాతి టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్ అయినా కావాలి. మొదటిదాంట్లో అమీబో బొమ్మను తాకిస్తే పాత గేమ్‌ల దుస్తులు దొరుకుతాయి. రెండోదాంట్లో అవే దుస్తులు భూగర్భంలో పెట్టెల్లోనూ ఉంటాయి.

"మరి ఈ రెండింటిలో ఏది?"

మళ్లీ కుడి చెయ్యే. వేళ్లు చర్మం రంగులో లేవు, నల్లగా, గోళ్లు పొడవుగా ఉన్నాయి. అది లింక్‌ది కాదు, రౌరుది. 2023 నాటి టియర్స్ కథ మొదట్లోనే లింక్ కుడి చెయ్యి పాడైపోయి, దాని స్థానంలో అది వస్తుంది. ఏ చొక్కా తొడిగినా ఆ చెయ్యి మారదు. పైన మూల చూస్తే గుండెల్లో కొన్ని పగిలి ఉన్నాయి. భూగర్భంలో గ్లూమ్ తగిలితే జరిగేది అదే. రెండు ఆధారాలూ ఒకే మాట చెబుతున్నాయి.

వాడు ఇంకోటి తీస్తాడు. నీలం చొక్కా, హైలియన్ డాలు, మాస్టర్ స్వోర్డ్. కానీ వెనక తోక! ఇది స్విచ్‌లోని స్కైరిమ్. అక్కడ జెల్డా దుస్తులు ఏ జాతి పాత్రకైనా వేయొచ్చు. ఇతను బల్లి ముఖం ఆర్గోనియన్. ఒంటిమీదున్నవి లింక్‌వి, మనిషి లింక్ కాదు.

మూడో బొమ్మలో మళ్లీ ఆకుపచ్చ చొక్కా, గుండ్రని ముఖం. భుజాల దగ్గరే కత్తిరించేశారు. చెయ్యీ లేదు, గుండెల వరసా లేదు, వెనక ఉత్త ఆకాశం.

"దీన్ని బ్రెత్ అనీ చెప్పలేం, టియర్స్ అనీ చెప్పలేంరా. కత్తిరించనిది పంపమను."