ఉద్యోగ ధ్రువీకరణ లేఖ (హెచ్-1బి వీసా)
అమెరికాలో హెచ్-1బి హోదాలో పనిచేస్తూ, వీసా స్టాంపింగ్‌ కోసం హైదరాబాద్‌ కాన్సులేట్‌కు వచ్చే ఉద్యోగి తన కంపెనీ హెచ్‌ఆర్‌ నుంచి తీసుకునే పత్రం. లెటర్‌హెడ్‌పై ఉద్యోగ హోదా, చేరిన తేదీ, వార్షిక జీతం, పనిచేసే చోటు, చేసే పని రాసి సంతకం చేస్తారు. హెచ్‌ఆర్‌ పోర్టల్‌ దానంతటదే ఇచ్చే లేఖలో తరచూ హోదా, తేదీ మాత్రమే ఉంటాయి. అద్దె ఇంటికి అది సరిపోతుందేమో గాని, ఇంటర్వ్యూకు చాలకపోవచ్చు.

అసలు చిక్కు పొంతన దగ్గరే. ఐ-129 పిటిషన్‌లో ‘సాఫ్ట్‌వేర్‌ డెవలపర్‌, డాలస్‌’ అని ఉండి, లేఖలో ‘సీనియర్‌ కన్సల్టెంట్‌, ఆస్టిన్‌’ అని వస్తే అధికారి 221(జి) కింద వీసాను ఆపవచ్చు. అందుకే హెచ్‌ఆర్‌కు రాసే మెయిల్‌కు పిటిషన్‌ నకలు జతచేయడం మేలు. పనిచోటు నిజంగానే డాలస్‌ నుంచి ఆస్టిన్‌కు మారి ఉంటే మాత్రం లేఖ దిద్దితే సరిపోదు, కంపెనీ సవరణ పిటిషన్‌ వేయాలి.