'ఐ హావ్ ఎ డౌట్' అంటే కెనడా టీచర్‌కి ఏమని అర్థమవుతుంది?

కెనడాకు వచ్చిన మనవాళ్లలో చాలామందికి ఇంగ్లిష్ బాగానే వచ్చు. అయినా పిల్లల టీచర్‌తోనో, క్లినిక్ రిసెప్షన్‌లోనో మాట్లాడుతుంటే ఎదుటివాళ్లు ఒక్కోసారి తికమకపడతారు. గ్రామర్ తప్పు వల్ల కాదు, మనం అక్కడి నుంచి తెచ్చుకున్న కొన్ని మాటలకు ఇక్కడ అర్థం వేరు కావడం వల్ల.

ముందుగా 'డౌట్'. తెలుగులో సందేహం అంటే అడగాల్సిన ప్రశ్న కూడా, అనుమానం కూడా. ఇంగ్లిష్‌లో డౌట్ అంటే అనుమానం, అపనమ్మకం మాత్రమే. 'ఐ హావ్ ఎ డౌట్ అబౌట్ ది మార్క్స్' అంటే మార్కులు సరిగ్గా వేశారని మీకు నమ్మకం లేదన్నట్టు టీచర్‌కి వినిపిస్తుంది. మీరు అడగదలచింది 'ఐ హావ్ ఎ క్వశ్చన్ అబౌట్ ది మార్క్స్' అని.

రెండోది 'పాస్‌డ్ ఔట్'. 'ఐ పాస్‌డ్ ఔట్ ఇన్ 2008' అంటే మనకు డిగ్రీ పూర్తయింది అని. ఇక్కడివాళ్లకు మాత్రం స్పృహ తప్పి పడిపోయాను అని. 'గ్రాడ్యుయేటెడ్' అంటే సరిపోతుంది.

మూడోది 'డూ ది నీడ్‌ఫుల్'. ఇది తప్పు ఇంగ్లిష్ కాదు, ఒకప్పటి బ్రిటిష్ ఆఫీసు ఉత్తరాల భాష. వాళ్లు దాదాపు వదిలేశారు, మన ఆఫీసుల్లో నిలిచిపోయింది. వినడానికి పాతగా ఉండటం ఒక్కటే కాదు, దీనితో అసలు చిక్కు ఇంకొకటి ఉంది. ఏ పని కావాలో ఇది చెప్పదు.

ఒక ఈమెయిల్ చూద్దాం. 'రెస్పెక్టెడ్ మేడమ్, వుయ్ ఆర్ అవుట్ ఆఫ్ స్టేషన్ ఆన్ థర్స్‌డే అండ్ ఫ్రైడే. కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్ అండ్ రివర్ట్ బ్యాక్.' ఇది చదివిన టీచర్‌కి సెలవు అడుగుతున్నారా, హోంవర్క్ అడుగుతున్నారా తెలియదు. 'రివర్ట్' అంటే ఇక్కడ పాత స్థితికి తిరిగి వెళ్లడం, జవాబివ్వడం కాదు. అదే మెయిల్ ఇలా రాయొచ్చు: 'హాయ్, ఆ తర్వాత మిస్ అని టీచర్ ఇంటిపేరు. వుయ్ విల్ బి అవే థర్స్‌డే అండ్ ఫ్రైడే. కుడ్ యు ప్లీజ్ సెండ్ హోమ్ ది మ్యాథ్ షీట్స్ బై వెన్స్‌డే? థ్యాంక్స్.' ఏ రోజు, ఏ పని, ఎప్పటిలోగా అన్నీ తెలిసిపోయాయి. మర్యాద తగ్గలేదు, అది 'కుడ్ యు ప్లీజ్'లో ఉంది.

మీ మాట సరిగ్గా చేరలేదని ఎలా తెలుస్తుంది? మీరు అడిగినదానికి కాకుండా వేరేదానికి జవాబు వచ్చినా, 'వాట్ వుడ్ యు లైక్ మి టు డూ?' అని తిరిగి అడిగినా అదే గుర్తు. అప్పుడు అదే వాక్యాన్ని గట్టిగా మళ్లీ చెప్పకుండా, కావలసిన పనిని పేరు పెట్టి అడగండి.

ఈ మాటల్ని పూర్తిగా మరిచిపోనక్కర్లేదు. హైదరాబాద్ ఆఫీసుకు రాసే మెయిల్‌లో 'డూ ది నీడ్‌ఫుల్' ఇప్పటికీ చక్కగా పనిచేస్తుంది.